గడియారం సంగతి గుర్తుంచుకున్న మనిషి: ఇది ఇష్టమా, మంచి జ్ఞాపకశక్తి మాత్రమేనా?

తెల్లకాగితం

అందరికీ నమస్కారం. ఈ వేదికను చాలా కాలంగా చదువుతున్నాను గాని, రాయడం ఇదే మొదటిసారి. నా వయసు 29. మా కార్యాలయంలోనే వేరే విభాగంలో పనిచేసే ఒకాయనతో నాకు ఏడాదిగా పరిచయం ఉంది. మధ్యాహ్నం విరామంలో నలుగురైదుగురం కలిసి కూర్చుంటాం, సాయంత్రం ఒక్కోసారి మేమిద్దరమే బయటి గేటు దాకా నడుస్తాం. ఆయన ఇంతవరకు నాతో హద్దు మీరి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇష్టమని చెప్పలేదు, ఆ అర్థం వచ్చేలా సూచించలేదు. అయితే ఈ మధ్య జరిగిన మూడు సంగతులు నన్ను ఆలోచనలో పడేశాయి.

మొదటిది. మా అమ్మమ్మ ఇంట్లో ఒక గోడ గడియారం ఉండేదనీ, అది ఎప్పుడూ అసలు సమయం కంటే ఒక గంట ఎక్కువ కొట్టేదనీ, మేము పిల్లలం ఒకటి తీసివేసి లెక్కపెట్టుకునేవాళ్లమనీ ఎప్పుడో మాటల్లో చెప్పాను. ఐదు వారాల తరువాత మేము నడుస్తుండగా ఎక్కడో గంటలు వినిపించాయి. ఆయన ఆగి, "మీ అమ్మమ్మగారి లెక్కన ఇప్పుడు ఐదే కదండీ" అన్నారు. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు, అర్థమయ్యాక నోట మాట రాలేదు.

రెండోది. మా చెల్లెలికి ఒక ఇంటర్వ్యూ ఉందని మూడు వారాల ముందు చెప్పాను. ఆ రోజు సాయంత్రం ఆయన నుంచి "చెల్లెలి ఇంటర్వ్యూ ఎలా జరిగింది?" అని సందేశం వచ్చింది.

మూడోది చాలా చిన్నది, కాని నాకు అదే పెద్దదిగా అనిపిస్తోంది. నాకు ఎడమ చెవి కొంచెం తక్కువగా వినిపిస్తుంది. ఒకసారి ఆయన చెప్పింది వినబడక మళ్లీ అడిగినప్పుడు ఈ సంగతి చెప్పాను. అప్పటినుంచి మేమిద్దరం నడిచేటప్పుడు ఆయన నాకు కుడివైపే ఉంటున్నారు. మలుపు తిరిగాక ఎడమవైపు పడితే, ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ కుడివైపుకు వస్తారు. ఆ ప్రస్తావన మాత్రం ఎన్నడూ తేలేదు.

ఇవన్నీ ప్రేమ లక్షణాలేనా? లేక ఎవరూ నా మాటలు ఇంతగా చెవిన వేసుకోకపోవడం వల్ల నేనే గోరంతను కొండంత చేసుకుంటున్నానా?

సూటిమాట

ఇందులో సందేహించడానికి ఏముందండీ? ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే మనిషి మరుపును కొలిచి చూపించాడు. నేర్చుకున్నదానిలో సగానికి పైగా గంటలోపే పోతుంది. అలాంటిది ఐదు వారాల తరువాత కూడా ఒక గడియారం సంగతి గుర్తుందంటే, ఆయన దానిని మనసులో మళ్లీ మళ్లీ తలుచుకుని ఉండాలి. ఒక మనిషి గురించి అలా తలుచుకుంటూ ఉండటాన్ని ఏమంటారో నేను చెప్పనవసరం లేదు. నాకు అక్కరలేనివారు చెప్పినవి నాకు రెండు రోజులు కూడా గుర్తుండవు. ఇది నూటికి నూరు పాళ్లు ఇష్టమే.

మల్లెపందిరి

అమ్మా, నీ ప్రశ్న చదివితే మనసు కలుక్కుమంది. మావారికి పెళ్లయి పదిహేడేళ్లయినా నా పుట్టినరోజు గుర్తుండదు. పోయిన నెల నేను మూడుసార్లు చెప్పిన పని నాలుగోసారి చెబితే, మొదటిసారి విన్నట్టు ముఖం పెట్టారు. అంతమాత్రాన ఆయనకు ప్రేమ లేదని మాత్రం అనుకోకు. మరుపు అందరికీ ఉంటుంది. నాకు జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా కూర్చున్నది ఆయనే. మరచిపోయినవారిని క్షమించడం నేర్చుకోవాలి.

తెల్లకాగితం

మల్లెపందిరి గారూ, ఇక్కడ ఆయన మరచిపోవడం కాదండీ, గుర్తుంచుకోవడమే నా సందేహం. అయినా మీరు రాసినదానిలో నాకు పనికివచ్చే మాట ఒకటుంది. మరచిపోవడం ప్రేమ లేకపోవడానికి గుర్తు కానప్పుడు, గుర్తుంచుకోవడం ప్రేమకు గుర్తు ఎలా అవుతుందన్నది నేను ఇంతవరకు ఆలోచించలేదు.

పాతబీరువా

నేను రాస్తున్నది అవతలి పక్షం తరఫున అనుకోండి. మీరు చెప్పే ఆయనలాంటి మనిషినే నేను. నాకు మనుషులు చెప్పిన చిల్లర సంగతులు ప్రయత్నం లేకుండానే గుర్తుంటాయి. పదో తరగతిలో నా పక్క బల్ల అబ్బాయి వాళ్ల కుక్కకు ఏ కాలు కుంటో కూడా చెప్పగలను, కాని ఆ అబ్బాయి పేరు అడిగితే తడుముకుంటాను. ఇదేమీ గొప్ప కాదు. బీరువాలో పాత రసీదులు పేరుకున్నట్టు పేరుకుంటాయి, అంతే.

దీనివల్ల నేను రెండుసార్లు ఇబ్బందిలో పడ్డాను. మొదటిసారి, తనకు మెట్లు దిగేటప్పుడు భయమని ఒక సహోద్యోగిని చెప్పిన మాట గుర్తుండి, రెండు నెలల తరువాత ఒక చోట లిఫ్టు ఎటువైపుందో ముందే కనుక్కుని చెప్పాను. ఆమె దానిని మరోలా తీసుకుని నెల రోజులు ఎదురుచూశారనీ, నా నుంచి ఏ మాటా రాకపోయేసరికి బాధపడ్డారనీ తరువాత వేరేవారి ద్వారా తెలిసింది. రెండోసారి దీనికి పూర్తిగా తలకిందులు. నేను నిజంగా ఇష్టపడిన అమ్మాయి గురించి నాకు అన్నీ గుర్తుండేవి. ఆమె మాత్రం, "మీకు అందరి గురించీ ఇలాగే గుర్తుంటుంది కదా" అని తేలికగా నవ్వేసింది.

కాబట్టి తెల్లకాగితం గారూ, మీ గురించి ఆయనకు ఎంత గుర్తుందన్నది పక్కన పెట్టి, మీ బల్ల దగ్గర కూర్చునే మిగతా ముగ్గురి గురించి ఎంత గుర్తుందో ముందు చూడండి.

నిమ్మళం

జ్ఞాపకం మీద చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని కనుక కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

సూటిమాట గారు ఎబ్బింగ్‌హాస్ పేరు చెప్పడం బాగుంది గాని, ఆ లెక్కను ఇక్కడికి తీసుకురావడమే పొరపాటు. ఆయన బట్టీ పట్టినవి అర్థం లేని అక్షరాల గుంపులు, పరీక్ష చేసుకున్నది తన ఒక్కడి మీదనే. మరుపు మొదట చాలా వేగంగా సాగి, తరువాత నెమ్మదిస్తుందన్నది ఆయన చూపిన అసలు విషయం. అంత అర్థం లేని అక్షరాలను కూడా 31 రోజుల తరువాత మళ్లీ నేర్చుకున్నప్పుడు, మొదటిసారి పట్టిన శ్రమలో సుమారు అయిదో వంతు ఆయనకు ఆదా అయింది. ఇక ఒక గంట ఎక్కువ కొట్టే గడియారమన్నది అర్థమూ, హాస్యమూ, ఒక బొమ్మా అన్నీ ఉన్న కథ. అటువంటిది ఐదు వారాలు నిలవడానికి ప్రేమ అవసరం లేదు. మంచి కథ చెబితే బస్సులో పక్క సీటు ప్రయాణికుడికి కూడా గుర్తుంటుంది.

పైగా ఆయనకు గడియారం ఊరికే గుర్తుకు రాలేదు, గంటలు వినబడ్డాక గుర్తుకొచ్చింది. బయటి నుంచి ఒక తాడు లాగితే పైకొచ్చే జ్ఞాపకం వేరు, ఏ తాడూ లేకుండా తనంతట తాను పైకొచ్చే జ్ఞాపకం వేరు. మీరు చెప్పిన మూడింటిలో గడియారం మొదటి రకం. చెల్లెలి ఇంటర్వ్యూ రెండో రకంలా కనబడుతోంది, ఎందుకంటే ఆ సాయంత్రం ఆయనకు దానిని గుర్తుచేసే చప్పుడేదీ లేదు. ఒక తేదీని మనసులో పెట్టుకుని, ఆ రోజు రాగానే తలుచుకోవడం చాలామందికి కష్టమైన పని.

ఇంకొక సంగతి. మనకు సంబంధించినదానితో ముడిపడిన మాట మనకు ఎక్కువ కాలం నిలుస్తుంది. 1977లో రోజర్స్, ఆయన సహచరులు చేసిన ఒక ప్రయోగంలో, "ఈ మాట నాకు వర్తిస్తుందా?" అని ఆలోచించి చూసిన పదాలను జనం మిగతావాటికంటే బాగా గుర్తుంచుకున్నారు. దీనిని మీ విషయానికి అన్వయిస్తే, ఆయన ఇంట్లో కూడా ఒక వింత గడియారం ఉండి ఉంటే మీ గడియారం ఆయనకు మీ వల్ల కాకుండా తన వల్లే గుర్తుండి ఉండవచ్చు. చెప్పినవారి మీది మమకారం వేరు, చెప్పిన విషయం మీది మమకారం వేరు. బయటికి మాత్రం రెండూ ఒకేలా కనబడతాయి.

మరచిపోవడం గురించి కూడా ఒక మాట. 2019లో అబర్డీన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిమీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఎదుటివారు మనల్ని గాని, మన సంగతిని గాని మరచిపోతే, మనం వారి తరఫున సాకులు వెతికి సమర్థించినా, లోపల మాత్రం "నేను వీరికి అంత ముఖ్యం కాదు" అన్న భావన మిగిలిపోతుందని అందులో తేలింది. అంటే జ్ఞాపకాన్ని ప్రాముఖ్యానికి గుర్తుగా చదవడం మనుషులలో గట్టిగానే ఉంది. కాని అది వినేవారి మనసులో జరిగే సంగతి. మీకు ముఖ్యంగా అనిపించిందన్నది నిజమే. ఆయన మనసులో ఏముందన్నది దానినుంచి తేలదు.

చేతిపుస్తకం

నేను ఇరవై ఏళ్లు అమ్మకాల రంగంలో ఉన్నాను. మా దగ్గర చేరిన ప్రతి కుర్రవాడికీ మొదట నేర్పేది ఇదే. కస్టమర్‌ను కలిసి బయటికి రాగానే, బండి ఎక్కకముందే, ఆయన చెప్పిన మూడు సొంత సంగతులు పుస్తకంలో రాసుకోవాలి. అమ్మాయి ఏం చదువుతోంది, మోకాలి నొప్పి ఎలా ఉంది, ఇల్లు ఎంతవరకు వచ్చింది. మళ్లీ వెళ్లేముందు ఆ పేజీ తిరగేసుకోవాలి. ఇప్పుడైతే అందరూ ఫోన్‌లో, కాంటాక్ట్ కింద ఉండే నోట్సులో రాసుకుంటున్నారు. చెల్లెలి ఇంటర్వ్యూ తేదీకి రిమైండర్ పెట్టుకోవడం అరనిమిషం పని. ఆయన అలా చేశారని నేను అనడం లేదు. గుర్తుండటాన్ని చూసి జ్ఞాపకశక్తి అనుకోకండి, జ్ఞాపకశక్తిని చూసి ప్రేమ అనుకోకండి అని మాత్రం అంటున్నాను.

సూటిమాట

రిమైండర్ పెట్టుకున్నారనే అనుకుందాం. చెల్లెలి ఇంటర్వ్యూకు రిమైండర్ పెట్టుకున్న మనిషి మామూలుగా గుర్తుంచుకున్న మనిషికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టినట్టే కదా! కస్టమర్ దగ్గర ఆర్డర్ వస్తుంది, ఇక్కడ ఆయనకు ఏం వస్తుంది? ఎబ్బింగ్‌హాస్ విషయంలో పొరపాటు ఒప్పుకుంటున్నాను. మరి చెవి సంగతికి ఏమంటారు? దానికి కథా లేదు, హాస్యమూ లేదు, తేదీ కూడా లేదు.

నిమ్మళం

రిమైండర్ గురించి మీరు అన్నది నిజమే, నేను దానిని తేలికగా తీసుకున్నాను. రాసిపెట్టుకోవడం కూడా ఎంచుకుని చేసే పనే.

చెవి గురించి కూడా మీతో ఏకీభవిస్తాను. మూడింటిలో బరువైనది అదే. గడియారం సంగతి ఒక్కసారి చెప్పి మెప్పు పొందగలిగినది. చెవి సంగతి అలాంటిది కాదు. దానిని ప్రతి సాయంత్రం, ప్రతి మలుపులో మళ్లీ అమలు చేయాలి. పైగా ఆయన దాని ప్రస్తావన తేవడం లేదు, అంటే మెప్పు కోసం చేస్తున్నట్టు లేదు. నాకు తెలిసినంతలో, "చూశారా, నాకు గుర్తుంది" అని పైకి చెప్పే జ్ఞాపకం కంటే, నడతలో కలిసిపోయి మాటగా బయటికి రాని జ్ఞాపకమే శ్రద్ధకు నమ్మదగిన గుర్తు. అయితే శ్రద్ధ అంతా ప్రేమే కాదు. ఇంట్లో వినికిడి తక్కువైన పెద్దవారు ఉన్న మనిషి ఎవరితోనైనా అలాగే నడుస్తాడు.

అందుకని మీకు ఒక పని చెబుతాను. ఒక మూడు వారాలపాటు రాసుకోండి. ఒక పక్క ఆయన గుర్తుంచుకున్నవి, ఇంకొక పక్క ఆయన మరచిపోయినవి. రెండో పక్కనే జాగ్రత్తగా నింపాలి, ఎందుకంటే మరచిపోయినవి మనకు తగలవు, గుర్తున్నవే తగులుతాయి. గడియారం గుర్తున్న క్షణం మీకు జీవితాంతం ఉంటుంది, ఆయన అసలు ఎత్తకుండా వదిలేసిన నలభై సంగతులు మీకు ఒక్కటీ తెలియవు. పాతబీరువా గారు చెప్పినట్టు, మిగతా ముగ్గురి విషయంలో ఆయనకు ఏం గుర్తుంటోందో కూడా అదే కాగితం మీద రాయండి.

ఇంకొకటి, ఆ సంగతి ఆయనకు నిజంగా ఒక్కసారే చెప్పారా అన్నది కూడా సరిచూసుకోండి. మనకు ఎవరు ఏం చెప్పారో గుర్తున్నంతగా, మనం ఎవరికి ఏం చెప్పామో గుర్తుండదు. ఒకే కథను ఒకే మనిషికి మూడుసార్లు చెప్పి, "ఒక్కసారి చెబితే ఎంత బాగా గుర్తుంచుకున్నాడో" అని మురిసిపోవడం నేను నా కళ్లతో చూశాను.

రెండోఆలోచన

క్లుప్తంగా ఒక హెచ్చరిక. నా గత సంబంధంలో అతనికి నేను చెప్పిన ప్రతిదీ గుర్తుండేది, మొదటి ఆరు నెలలు అది నాకు వరంలా అనిపించింది. తరువాత అవే సంగతులు గొడవల్లో బయటికి వచ్చేవి. "నువ్వే అన్నావు కదా ఫలానా రోజు, ఫలానా స్నేహితురాలి గురించి" అని తేదీతో సహా చెప్పేవాడు. నేను కాదన్న మాటలు మాత్రం అతనికి ఎన్నడూ గుర్తుండేవి కావు. రాత్రిపూట ఫోన్ చేయవద్దని ఎన్నిసార్లు చెప్పినా అది మొదటిసారి విన్నట్టే ఉండేది. మీరు రాసే కాగితంలో రెండో పక్క నింపేటప్పుడు, ఏవి మరచిపోతున్నారో కూడా చూడండి. మీ ఇష్టాలు గుర్తుండి, మీ అయిష్టాలు గుర్తుండకపోతే నేనైతే జాగ్రత్తపడతాను.

తెల్లకాగితం

మూడు వారాలు గడిచాయి. నిమ్మళం గారు చెప్పినట్టే రాసుకున్నాను. కాగితం ముందు పెట్టుకుని రాస్తున్నాను కనుక కొంచెం పొడవవుతుంది.

మొదట, మిగతావారి సంగతి. పాతబీరువా గారి అనుమానం చాలావరకు నిజమైంది. మా బల్ల దగ్గర కూర్చునే ఒకరి పాపకు టీకా వేయించే రోజు ఆయనకు గుర్తుంది. మరొకరి నాన్నగారి కంటి ఆపరేషన్ అయ్యాక, ఏ కన్నో కూడా తప్పులేకుండా చెప్పి అడిగారు. గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన కొడుకు పరీక్ష ఫలితాలు వచ్చాయా అని ఆగి కనుక్కున్నారు. అంటే మా చెల్లెలి ఇంటర్వ్యూ గురించి అడగడం నాకు ప్రత్యేకంగా ఇచ్చినది కాదు, అందరికీ ఇచ్చేదే. నిజం చెప్పాలంటే, ఆ రోజు కాగితం మడిచి సంచిలో పెట్టేసి రెండు రోజులు తీయలేదు.

గడియారం విషయంలో నా గర్వం ఇంకొంచెం దిగింది. ఒక్కసారే చెప్పాననుకున్నాను. వాట్సాప్‌లో "గడియారం" అని వెతికితే, మాట్లాడిన పది రోజుల తరువాత నేనే దాని ఫోటో కూడా పంపినట్టు కనబడింది. నాకు ఆ సంగతి అసలు గుర్తే లేదు! ధైర్యం చేసి, "అది మీకు ఎలా గుర్తుందండీ?" అని ఆయననే అడిగాను. వాళ్ల నాన్నగారు పాత గడియారాలు బాగుచేసేవారట, వారు పోయాక ఇంట్లో ఒకటి ఆగిపోయి ఉందట, దానిని బాగుచేయించాలని రెండేళ్లుగా అనుకుంటున్నారట. నా కథ విన్నప్పుడు ఆయనకు ఆ గడియారం గుర్తుకొచ్చిందట. నిమ్మళం గారు ఊహగా రాసినది ఇంత దగ్గరగా తగులుతుందని అనుకోలేదు. అయితే వాళ్ల నాన్నగారి గురించి ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి. ఆ సాయంత్రం గేటు దాటి కూడా చాలా దూరం నడిచాం.

ఇక రెండో పక్క, మరచిపోయినవి. రెండోఆలోచన గారు భయపెట్టినట్టు అయిష్టాలేమీ మరచిపోలేదు. నా డెస్క్ మీద వస్తువులు ఎవరైనా తీస్తే నాకు నచ్చదని ఒకసారి అన్నాను, ఇప్పటికీ పెన్ను కావాలంటే అడిగి తీసుకుంటారు. కాని ఒక పెద్ద సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు. వచ్చే ఏడాది ఉద్యోగం మాని వేరే ఊరిలో చదువుకోవడానికి దరఖాస్తు పెడుతున్నానని రెండుసార్లు చెప్పాను. రెండోసారి చాలాసేపు మాట్లాడుకున్నాం కూడా. అయినా పోయిన వారం, "వచ్చే ఏడాది ఈ ప్రాజెక్టు మన రెండు విభాగాలకూ కలిపి వస్తుంది, అప్పుడు రోజూ కలిసే పనిచేస్తాం" అన్నారు. చెవి గుర్తున్న మనిషికి ఇది ఎలా గుర్తులేదు?

సూటిమాట

గుర్తులేక కాదండీ, గుర్తుంచుకోవడం ఇష్టం లేక. మీరు వెళ్లిపోతారన్న మాట ఆయన మనసు పట్టనివ్వడం లేదు. నా మొదటి మాటకే కట్టుబడి ఉన్నాను.

పాతబీరువా

సూటిమాట గారి చేతికి ఏది దొరికినా ప్రేమే అవుతోంది. గుర్తుంటే ప్రేమ, మరచిపోతే ఇంకా ఎక్కువ ప్రేమ. ఏం జరిగినా ఒకే జవాబు వచ్చే పరీక్షను పరీక్ష అనరు.

నా అనుభవం ఇంకొకటి చెబుతాను. నాకు చిల్లర సంగతులు గుర్తుంటాయన్నాను కదా, పెద్ద సంగతులు అలా గుర్తుండవు. ఎవరైనా తమ భవిష్యత్తు ఆలోచనలు చెబితే, అవి ఇంకా తేలనివి కనుక నా మనసులో స్థిరంగా నిలవవు. కుక్క కుంటి కాలికి ఒక రూపం ఉంటుంది, "వచ్చే ఏడాది వెళ్లవచ్చు" అన్నదానికి రూపం ఉండదు. ఆయన కూడా నాలాంటివారైతే ఇందులో ప్రేమా లేదు, నిర్లక్ష్యమూ లేదు.

రెండోఆలోచన

పాతబీరువా గారి వివరణ మర్యాదగా ఉంది గాని నాకు పూర్తిగా ఒప్పుదల కావడం లేదు. రెండోసారి చాలాసేపు మాట్లాడుకున్నారట. ఒక ఆడమనిషి తన జీవితంలో తీసుకోబోయే అతి పెద్ద నిర్ణయం అంతసేపు విని కూడా నిలవకపోతే, చెల్లెలి ఇంటర్వ్యూ గుర్తుండి ఏం లాభం? నన్ను అడిగితే, చిన్న సంగతులు గుర్తుంచుకోవడం మర్యాద. ఎదుటి మనిషి ఎటు వెళ్లాలనుకుంటున్నదో గుర్తుంచుకోవడమే అసలు పట్టింపు.

నిమ్మళం

ఇద్దరి మాటల్లోనూ నిజముంది, వాటి మధ్య తీర్పు చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలదు. అయితే తెల్లకాగితం గారు కాగితం మీద ఒక వరుస గమనించకుండా దాటేశారని నాకనిపిస్తోంది. మిగతావారి విషయంలో ఆయనకు గుర్తున్నవన్నీ సందర్భాలే. టీకా, ఆపరేషన్, పరీక్ష ఫలితాలు, వీటన్నిటికీ ఒక రోజు ఉంది, మర్యాదకు అడగవలసిన ప్రశ్న ఉంది. చెల్లెలి ఇంటర్వ్యూ కూడా ఆ జాబితాలోనిదే, దానిని మీరు కొట్టివేయడం సబబే. మీ విషయంలో మాత్రం సందర్భం కానివి రెండున్నాయి, పెన్ను అడిగి తీసుకోవడం, చెవి. ఇలాంటివి మరొకరి విషయంలో ఆయన పాటించగా మీరు చూశారా?

గడియారం గురించి కూడా మీరు అనవసరంగా చిన్నబోయారు. ఆ సంగతి ఆయనకు తన నాన్నగారి వల్ల గుర్తుంది, సరే. కాని మీరు అడిగినప్పుడు, "ఏదో గుర్తుందిలెండి" అని దాటేయకుండా, ఇంతవరకు మీకు చెప్పని తన సంగతి చెప్పారు. మీ మాటలు ఆయన దగ్గర దాచుకున్నవి మాత్రమే అయితే అది ఒక వైపు నడిచే వ్యవహారం. మీ మాటకు బదులుగా తన మాట ఇవ్వడం మొదలైతే అది వేరే దశ. ఏడాదిలో ఆయన తన గురించి తానుగా ఎన్ని సంగతులు చెప్పారు? మీ కాగితంలో దానికి చోటే లేదు, ఆ తప్పు నాదే, చెప్పడం మరిచాను.

మల్లెపందిరి

ఇంతమంది ఇన్ని విధాలుగా రాస్తున్నారు గాని, ఆ దరఖాస్తు సంగతి మూడోసారి చెప్పి ఆయన ముఖం చూడరాదా అమ్మా? మావారికైతే నేను అదే చేస్తాను. మరచిపోయినవారి ముఖం ఒకలా ఉంటుంది, మరచిపోయినట్టు ఉన్నవారి ముఖం ఇంకోలా ఉంటుంది. పదిహేడేళ్లలో నేను నేర్చుకున్న చదువు అదొక్కటే.

చేతిపుస్తకం

మల్లెపందిరి గారి సలహా మా శిక్షణ మొత్తంకంటే బాగుంది.

తెల్లకాగితం

నిన్న సాయంత్రం చెప్పాను. దరఖాస్తు గడువు వచ్చే నెలాఖరు అని, పక్కపక్కన నడుస్తూ మామూలు మాటల్లో అన్నాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. పది అడుగులు వేశాక, "అవును, చెప్పారు" అన్నారు. అంటే గుర్తుందన్నమాట. మరి ఆ ప్రాజెక్టు మాట ఎందుకన్నారని అడగాలనిపించింది, అడగలేకపోయాను. మల్లెపందిరి గారూ, ముఖం చూద్దామనుకున్నాను గాని అప్పటికే చీకటి పడింది.

నిమ్మళం గారూ, మీ ప్రశ్నలకు జవాబు. తన గురించి తానుగా చెప్పినవి ఏడాదిలో మొత్తం మూడు, అందులో రెండు ఈ మూడు వారాల్లోనే. పెన్ను మాత్రం అందరినీ అడిగే తీసుకుంటారు, అది ఆయన అలవాటు, దానిని కొట్టివేశాను. చెవి విషయం ఇంకా చూస్తున్నాను. ఆయన ఇంట్లో వినికిడి తక్కువైనవారు ఎవరూ లేరట, మాటల్లో తెలిసింది.

పాతబీరువా

ఒక చిన్న ప్రశ్న. మీరిద్దరే ఉన్నప్పుడు కుడివైపు నడుస్తారన్నారు. బల్ల దగ్గర నలుగురిలో ఎక్కడ కూర్చుంటారు? నేనైతే అలవాటుకొద్దీ అక్కడ కూడా కుడివైపే కూర్చుంటాను.

తెల్లకాగితం

ఇవాళ మధ్యాహ్నం చూశాను. బల్ల దగ్గర ఆయన ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటారు, ఇవాళ నాకు ఎడమవైపే కూర్చున్నారు. అయితే మాట్లాడవలసి వచ్చిన ప్రతిసారీ కొంచెం ముందుకు వంగి, నా ముఖానికి ఎదురుగా వచ్చి మాట్లాడారు. ఇంతకుముందు కూడా ఇలాగే చేసేవారో, నేను ఇవాళే చూశానో చెప్పలేను. శనివారం ఆ గడియారాన్ని బాగుచేయించడానికి తీసుకెళ్తున్నారట, నన్ను కూడా రమ్మన్నారు. వెళ్తున్నాను. ప్రాజెక్టు సంగతి అక్కడ అడుగుతాను.